నూరు రూపాయల బాండు తొంభై ఏడుకే ఎందుకు? మన మిత్తి లెక్కతోనే ధర కట్టే పద్ధతి

హన్మకొండలో ఉండే మా మామ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. వచ్చిన పైసల్లో కొంత ప్రభుత్వ బాండ్లలో పెడదామనుకుని ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అల్లుడా, నూరు రూపాయల బాండు తొంభై ఏడున్నరకే ఇస్తున్నరు. ఏడాదికి ఏడు రూపాయల మిత్తి, మూడేండ్లకు నూరుకు నూరు వాపసట. మంచిదైతే గింత తక్కువకు ఎందుకమ్ముతరు? లోపల ఏదన్న లొసుగున్నదా?"

లొసుగేమీ లేదు. కానీ ఆ మాట నేను చెబితే నమ్మడం వేరు, ఆయనే లెక్క కట్టి చూసుకోవడం వేరు. ఆ సాయంత్రం వాళ్ళింటి వసారాలో కూర్చొని ఒక నోట్‌బుక్కులో వేసిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. అంకెలను కాస్త గుండ్రం చేశాను, చేత్తో వేసుకోవడానికి వీలుగా. ఒక కాగితం, ఫోన్లో ఉండే క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు కటింగ్ సంగతి

మన వైపు పత్తి అమ్మిన రైతుకు పైసలు కొన్ని రోజులకు వస్తాయి. ఇవ్వాళే కావాలంటే వ్యాపారి నూటికి ఇంత అని కోసుకొని మిగతాది చేతిలో పెడతాడు. దాన్నే కటింగ్ అంటారు. ఆ కోత న్యాయమా కాదా అనేది వేరే సంగతి. అందులో ఉన్న లెక్క మాత్రం బాండు ధరలో ఉన్న లెక్కే. రేపెప్పుడో వచ్చే నూరుకు ఇవ్వాళ నూరు ఇవ్వరు. ఆగాల్సిన కాలానికి మిత్తి ఎంతవుతుందో అంత తగ్గించి ఇస్తారు. అలా తగ్గించగా మిగిలిన దాన్ని ప్రస్తుత విలువ అంటారు.

బాండు కొన్నవాడికి పైసలు ఒక్కసారిగా రావు. ఆరు నెలలకోసారి కొంచెం కొంచెం మిత్తి వస్తుంది, చివరి రోజు అసలు వస్తుంది. ఆ ఒక్కో విడతకు విడిగా కటింగ్ వేసి, మిగిలినవన్నీ కలిపితే వచ్చేదే ఆ బాండు ధర. ఇంతకుమించి ఇందులో వేరే సూత్రం లేదు.

మొదటి పని: ఎప్పుడెప్పుడు ఎంతొస్తుందో రాసుకోండి

బాండు పేరులోనే సగం సమాచారం ఉంటుంది. 7.10% GS 2034 అని ఉంటే, ఏడాదికి నూటికి 7 రూపాయల 10 పైసల మిత్తి ఇచ్చి 2034లో అసలు తీర్చే భారత ప్రభుత్వ బాండు అని అర్థం. ఆ మిత్తిని కూపన్ అంటారు. పాతకాలం కాగితపు బాండ్లకు అంచున చిన్న చిన్న చీటీలుండేవి. గడువు వచ్చినప్పుడల్లా ఒక చీటీ కత్తిరించి ఇచ్చి మిత్తి తెచ్చుకునేవారు, ఆ పేరే మిగిలిపోయింది. చివరికి తిరిగొచ్చే అసలు ముఖ విలువ. ప్రభుత్వ బాండ్ల ధరలన్నీ ముఖ విలువ 100కు ఇంత అనే లెక్కలోనే చెబుతారు.

మన ప్రభుత్వ బాండ్లు కూపన్‌ను ఏడాదికి రెండుసార్లు, సగం సగం ఇస్తాయి. మామ చూసిన దాన్ని ఇలా అనుకుందాం: కూపన్ 7 శాతం, ప్రతి జనవరి 16న, జులై 16న చెల్లింపు, 2029 జనవరి 16న అసలు వాపసు. 2026 జనవరి 16న, ఆ రోజు కూపన్ పాతవాళ్ళకు వెళ్ళిపోయాక కొన్నామనుకుంటే, మనకు రావలసినవి ఆరు కూపన్లు, ఒక్కొక్కటి 3 రూపాయల 50 పైసలు. ఆరో కూపన్‌తో పాటే నూరు కూడా వస్తుంది.

నోట్‌బుక్కులో ఈ ఆరు వరుసలూ తేదీలతో సహా రాయండి. మామ ఇది వదిలేసి, "మూడేడ్ల ఇరవై ఒకటి, నూరుతోటి నూట ఇరవై ఒకటి. తొంభై ఏడున్నర పెడితే నూట ఇరవై ఒకటొస్తది" అన్నాడు. ఆ మొత్తం రావడం నిజమే. కానీ ఆరు నెలలకొచ్చే మూడున్నరనూ మూడేండ్లకొచ్చే నూరునూ ఒకే గంపలో వేసి కూడితే, మధ్యలో ఉన్న కాలం లెక్కలో నుంచి పోతుంది. వరుసలు రాసుకునేది ఆ కాలం కళ్ళ ముందు ఉండటానికే.

రెండో పని: ఏ రేటుతో కోయాలో తేల్చుకోండి

అందరూ తడబడేది ఇక్కడే. బాండు మీద 7 శాతం అని రాసి ఉంది కాబట్టి 7తోనే కోయాలనిపిస్తుంది. అలా కోస్తే జవాబు ఎప్పుడూ సరిగ్గా 100 వస్తుంది, ఏ బాండుకైనా, ఎన్నేళ్ళు మిగిలినా. మీ లెక్కలో పైసా తేడా లేకుండా 100 వచ్చిందంటే, కూపన్ రేటునే కోత రేటుగా వాడారేమో ముందు చూసుకోండి.

కూపన్ అనేది బాండు పుట్టినప్పుడు కుదిరిన ఒప్పందం, అది మారదు. కోయాల్సిన రేటు ఇవ్వాళ్టిది. ఇంతే కాలానికి, ఇంతే భద్రత ఉన్నవాడికి అప్పిస్తే ఇవ్వాళ బజార్లో ఏ మిత్తి దొరుకుతోందో అది. దాన్ని ఈల్డ్ అంటారు. ఊళ్ళో కూడా ఇంతే కదా. నిరుడు రూపాయి మిత్తికి రాయించుకున్న నోటు ఉంది. ఈసారి ఊళ్ళో అందరూ రెండు రూపాయలకు ఇస్తున్నారు. ఆ పాత నోటును ఇప్పుడు ఎవరికైనా అప్పగించి పైసలు తీసుకోవాలంటే, రాసి ఉన్న అసలుకు ఎవరూ తీసుకోరు, తగ్గించి అడుగుతారు. నోటు రాసిన మనిషి మంచోడే, నోటూ మంచిదే. మారింది ఊళ్ళో మిత్తి.

ప్రభుత్వ బాండుకైతే మూడేళ్ళ చుట్టుపక్కల గడువున్న ఇతర ప్రభుత్వ బాండ్లు ఆ రోజు ఏ ఈల్డ్ దగ్గర చేతులు మారుతున్నాయో చూడాలి. ప్రభుత్వ బాండ్ల ధరలను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ పనిదినాల్లో ప్రకటిస్తుంది. పదేళ్ళ బాండు ఈల్డ్ పేపర్లో తరచూ కనబడుతుంది కదా అని మూడేళ్ళ బాండుకు అదే పెట్టకండి, గడువు మారితే రేటు మారుతుంది. ఒక కంపెనీ బాండును ప్రభుత్వ ఈల్డ్‌తో కోయడం అంతకంటే పెద్ద తప్పు. కంపెనీ ఎగ్గొట్టే భయానికి బజారు అదనంగా మిత్తి అడుగుతుంది కాబట్టి దాని రేటు ఎక్కువుండాలి. తక్కువ రేటుతో కోస్తే బాండు ఉన్నదానికంటే విలువైనదిగా కనబడుతుంది.

మన ఉదాహరణకు బజారు ఈల్డ్ 8 శాతం అనుకుందాం. నెలకు నూటికి 67 పైసల మిత్తి అన్నమాట.

మూడో పని: రేటును ఆరు నెలలకు మార్చండి

చిన్న పనే, కానీ మరిస్తే మొత్తం పాడవుతుంది. కూపన్లు ఆరు నెలలకోసారి వస్తున్నాయి కాబట్టి కోత కూడా ఆరు నెలల లెక్కనే ఉండాలి. మన ప్రభుత్వ బాండ్ల బజార్లో 8 శాతం ఈల్డ్ అంటే ఆరు నెలలకు 4 శాతం అనే వాడుక. సగం చేస్తే చాలు. మామ మొదటిసారి ఆరు విడతలకూ 8 శాతం చొప్పునే కోశాడు, 79 రూపాయల 20 పైసలొచ్చింది. ఈల్డ్ కూపన్ కంటే ఒక్క శాతం ఎక్కువైనందుకు మూడేళ్ళ బాండు ఇరవై రూపాయలు పడిపోదు. అంత తేడా కనబడితే ఏడాది రేటును ఆరు నెలల వరుసలకు పెట్టారని అర్థం.

నాలుగో పని: ఒక్కో వరుసకు కోత వేయండి

ఇవ్వాళ ఒక రూపాయి ఆరు నెలలకు 1.04 అవుతుంది. అంటే ఆరు నెలల తర్వాత వచ్చే దాన్ని 1.04తో భాగిస్తే ఇవ్వాళ్టి విలువ వస్తుంది. ఏడాది తర్వాత వచ్చేదాన్ని 1.04తో రెండుసార్లు భాగించాలి, ఏడాదిన్నరకు మూడుసార్లు. ఇలా ఎన్ని ఆరునెలలు ఆగాలో అన్నిసార్లు.

క్యాలిక్యులేటర్లో 3.5 కొట్టి 1.04తో భాగించండి, 3.3654 వస్తుంది. అది మొదటి కూపన్ విలువ. దాన్ని చెరిపేయకుండా మళ్ళీ 1.04తో భాగించండి, 3.2359. అది రెండోది. ఘాతాలు, లాగరిథమ్‌లు ఏమీ అక్కర్లేదు, భాగహారం నొక్కుకుంటూ పోతే ఒక్కొక్కటే దిగుతుంది.

| ఎప్పుడు | వచ్చేది | ఇవ్వాళ్టి విలువ |
|---|---|---|
| జులై 2026 | 3.50 | 3.3654 |
| జనవరి 2027 | 3.50 | 3.2359 |
| జులై 2027 | 3.50 | 3.1115 |
| జనవరి 2028 | 3.50 | 2.9918 |
| జులై 2028 | 3.50 | 2.8767 |
| జనవరి 2029 | 3.50 | 2.7661 |
| అదే రోజు అసలు | 100 | 79.0315 |

అసలు వరుస దగ్గర ఒక్క క్షణం ఆగండి. మూడేళ్ళకు వచ్చే నూరు ఇవ్వాళ 79 రూపాయలే. ఆరు కూపన్లూ కలిపి 18 రూపాయల 35 పైసలు. ధరలో ఎక్కువ భాగం అసలుదే. గడువు ఇంకా దూరమైతే ఈ అసలు ముక్క బాగా చిక్కిపోతుంది. కోత అన్నిసార్లు పడుతుంది కాబట్టే ముప్పై ఏళ్ళ బాండు ధర ఈల్డ్ కొంచెం కదిలినా ఎక్కువ ఊగుతుంది, మూడేళ్ళది అంత ఊగదు.

అన్నీ కలిపితే 97.3789. గుండ్రం చేస్తే 97 రూపాయల 38 పైసలు.

ఈల్డ్ 6 శాతం పెట్టి ఇదే లెక్క మీరు వేసి చూడండి. 1.04 బదులు 1.03. జవాబు 102 రూపాయల 71 పైసలు రావాలి. అది వస్తే పద్ధతి మీ చేతికొచ్చినట్టే. బజారు మిత్తి తగ్గింది, పాత ఒప్పందం ఎక్కువ ఇస్తోంది, కాబట్టి నూరు కంటే ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

ఐదో పని: ఖాతా వేసి సరిచూసుకోండి

మామకు నమ్మకం కుదిరింది ఈ ఖాతాతోనే. అందుకే మీరు కూడా ఒక్కసారైనా వేయండి. బాండు సంగతి మరిచిపోయి, 97.38 ఎవరికో ఆరు నెలలకు నూటికి నాలుగు రూపాయల మిత్తికి అప్పిచ్చామనుకోండి.

ఆరు నెలలకు మిత్తి 3.90 అవుతుంది. అతను కట్టింది 3.50. మిగిలిన 40 పైసలు అసలులో కలుస్తాయి, బాకీ 97.77. ఇంకో ఆరు నెలలకు మిత్తి 3.91, కట్టింది మళ్ళీ 3.50, బాకీ 98.19. ఇలాగే సాగితే మూడోసారి 98.61, నాలుగోసారి 99.06, ఐదోసారి 99.52. ఆరోసారి మిత్తి 3.98 కలిసి 103.50 అవుతుంది. అదే రోజు బాండు ఇచ్చేది కూపన్ 3.50, అసలు 100. బాకీ సున్నా, అటు పైసా లేదు, ఇటు పైసా లేదు.

మామ పెన్ను పక్కన పెట్టి, "అంటే గా రెండు రూపాయల అరవై రెండు పైసలు తక్కువకిచ్చుడు కాదు, రావలసిన మిత్తిలో మిగిలింది చివర్ల ఇచ్చుడన్నట్టు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఏటా వచ్చే ఏడు రూపాయలతో ఎనిమిది శాతం పూర్తి కాదు. తగ్గించిన ధరకూ నూరుకూ మధ్య ఉన్న తేడా ఆ లోటును పూడుస్తుంది.

ఈ ఖాతా చివర సున్నా రాకపోతే ధర కట్టడంలో ఎక్కడో తప్పుంది. పైసా రెండు పైసల తేడా గుండ్రం చేయడం వల్ల రావచ్చు, రూపాయల్లో ఉంటే మొదటి నుంచి వేయాలి.

కంప్యూటర్ ఉంటే ఎక్సెల్‌లో ఒక్క వరుస చాలు:

```
=PV(4%,6,-3.5,-100)
```

97.38 వస్తుంది. కూపన్‌కూ అసలుకూ ముందు మైనస్ మరిస్తే జవాబు మైనస్‌లో వస్తుంది, అంకె మాత్రం అదే.

కూపన్ల మధ్యలో కొంటే

వారం తర్వాత మామ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి గొంతులో అనుమానం. లక్ష ముఖ విలువకు కొన్నాడు. ధర 97.49 అని ఉంది, కట్టమన్నది మాత్రం 98,660 రూపాయలు. "వెయ్యి రూపాయల పైన ఎక్కువ గుంజిండ్రు."

ఎవరూ గుంజలేదు. ఆయన కొన్నది కూపన్ రోజున కాదు. పైసలు, బాండు చేతులు మారింది మార్చి 16న, అంటే జనవరి కూపన్ అయిన రెండు నెలలకు. జులైలో ఆరు నెలల కూపన్ మొత్తం మామకే వస్తుంది. కానీ అందులో మొదటి రెండు నెలలు బాండు పాతవాళ్ళ దగ్గరుంది, ఆ మిత్తి వాళ్ళది. దాన్ని కొనేవాళ్ళే ముందుగా ఇచ్చేయాలి. బర్రెను నెల మధ్యలో అమ్మితే అప్పటిదాకా పోసిన పాల పైసలు పాత యజమానికే కదా.

లెక్క ఇలా. మన ప్రభుత్వ బాండ్లకు ప్రతి నెలా 30 రోజులే, ఏడాది 360 రోజులే అనుకుంటారు. జనవరి 16 నుంచి మార్చి 16 దాకా 60 రోజులు, అర్ధ సంవత్సరం 180 రోజుల్లో మూడో వంతు. పేరుకున్న మిత్తి 3.50లో మూడో వంతు, నూటికి 1.17, లక్షకు 1,166 రూపాయల 67 పైసలు. రోజులు లెక్కపెట్టేటప్పుడు కొన్న రోజు కాదు, సెటిల్‌మెంట్ రోజు చూడాలి. ప్రభుత్వ బాండ్లలో అది మామూలుగా తర్వాతి పనిదినం. మామ కొన్నది 13న, శుక్రవారం. అందుకే సోమవారం 16 దాకా లెక్కయింది.

మొత్తం ఎంత కట్టాలో తేల్చడానికి, జనవరి 16 నాటి 97.3789ను తీసుకుని మూడో వంతు అర్ధ సంవత్సరం ముందుకు పెంచాలి, అంటే 1.04ను మూడో వంతు ఘాతానికి పెంచి గుణించాలి. అది 98.66 అవుతుంది. అందులోంచి పేరుకున్న 1.17 తీసేస్తే 97.49. కట్టేది డర్టీ ప్రైస్, తెర మీద చూపేది క్లీన్ ప్రైస్ అంటారు. క్లీన్ ప్రైస్‌నే చూపడానికి కారణం ఉంది. డర్టీ ప్రైస్ రోజురోజుకూ పెరిగి కూపన్ రోజున ఒక్కసారిగా మూడున్నర పడిపోతుంది. ఈల్డ్ ఏమీ మారకున్నా బాండుకు ఏదో అయినట్టు అనిపిస్తుంది.

ఇదంతా ఎక్సెల్‌లో ఒకేసారి వస్తుంది, క్లీన్ ప్రైస్‌గా:

```
=PRICE(DATE(2026,3,16),DATE(2029,1,16),7%,8%,100,2,4)
```

చివరి 2 అంటే ఏడాదికి రెండు కూపన్లు, 4 అంటే నెలకు 30 రోజుల లెక్క. దీనికి పేరుకున్న మిత్తిని మీరే కలుపుకోవాలి.

ఎదుటివాడు చెప్పిన ధరను పరీక్షించడం

రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ ఖాతాతో పదివేల ముఖ విలువ నుంచి మనమే ప్రభుత్వ బాండ్లు కొనుక్కోవచ్చు. అయినా ఎవరో ఒకరు మధ్యలో ఉండి అమ్ముతామని వస్తూనే ఉంటారు. అప్పుడు ఇదే లెక్కను వెనక్కి తిప్పాలి. ఏజెంటు ఎవరైనా మామకు ఇదే బాండు తెచ్చి చూపి జనవరి 16 లెక్కన 98.16 అడిగాడనుకోండి. ఏ రేటుతో కోస్తే 98.16 వస్తుందో వెతకాలి. 8తో 97.38 వచ్చింది, 7తో 100 వస్తుంది, కాబట్టి మధ్యలో 8కి దగ్గరగా ఎక్కడో ఉంటుంది. 7.7 పెట్టి, అంటే 1.0385తో భాగించి చూస్తే సరిగ్గా 98.16 తగులుతుంది. ఎక్సెల్‌లో అయితే:

```
=TEXT(RATE(6,3.5,-98.16,100)*2,"0.00%")
```

"ఏడు శాతం కూపన్, నూరు కంటే తక్కువకే ఇస్తున్నా" అన్న మాట నిజమే, కానీ బజారు 8 ఇస్తుంటే మామ చేతికొచ్చేది 7.7. లక్షకు 780 రూపాయలు మధ్యలో ఆగిపోతున్నాయి. ధరల్లో అడిగితే ఈ సంగతి బయటపడదు. "ఈల్డ్ ఎంత?" అని అడగండి, చెప్పిన దాన్ని ఇంటికొచ్చి ఆరు వరుసలు వేసి చూసుకోండి.

ఈ పద్ధతి పనిచేయని చోట్లూ ఉన్నాయి. కూపన్ మధ్యమధ్యలో మారే ఫ్లోటింగ్ రేటు బాండ్లకు రేపటి వరుసలో ఏం రాయాలో ఇవ్వాళ తెలియదు. కంపెనీ తనకు నచ్చినప్పుడు ముందుగానే అసలు తీర్చేసే హక్కు పెట్టుకున్న బాండ్లకు చివరి వరుస ఏ తేదీదో తెలియదు. బజారు మిత్తి తగ్గి మీ బాండు విలువ పెరిగే సమయానికే వాళ్ళు తీర్చేస్తారు. అలాంటి బాండు ఎవరైనా చూపిస్తే, ముందుగా తీర్చగలిగే మొదటి తేదీనే చివరి వరుసగా పెట్టి ఒకసారి, పూర్తి గడువుతో ఇంకోసారి ఈల్డ్ కట్టండి. రెండింటిలో తక్కువ వచ్చిందే మీకు దక్కుతుందని లెక్కలోకి తీసుకోండి.